షెఫ్ విదేశానికి వెళ్తుంటే జీఎం ఏం రాయాలి?

హోటల్ కిచెన్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన షెఫ్ ఒకరు విదేశీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటూ జనరల్ మేనేజర్‌ను ఒక ఉత్తరం అడుగుతాడు. చాలా హోటళ్లలో అతనికి దొరికేది రెండు ముక్కల సర్టిఫికెట్టే. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా దగ్గర పనిచేశాడు, నడవడిక బాగుంది అని ఉంటుంది అందులో. జీఎంకు ఆ మనిషి మీద అభిమానం ఉంటే మరో పేరా చేరుతుంది: కష్టజీవి, నిజాయితీపరుడు, అందరితో కలిసిపోతాడు, ఎక్కడికి వెళ్లినా రాణిస్తాడు. షెఫ్ సంతోషంగా దాన్ని స్కాన్ చేసి దరఖాస్తుకు జతచేస్తాడు.

వీసా అధికారికి మాత్రం ఆ రెండు ఉత్తరాల్లో ఏది వచ్చినా ఒకటే. అతను ఏం వండాడు, ఎవరికి నేర్పాడు, వారానికి ఎన్ని గంటలు పనిచేశాడు, ఎంత జీతం తీసుకున్నాడు అన్నవి రెండింటిలోనూ లేవు. మెచ్చుకోలు ఎంత ఉన్నా ఈ నాలుగు లేకపోతే అది అనుభవానికి రుజువుగా నిలవదు. పనితనం ఉన్న షెఫ్ ఒక కాగితం లోపం వల్ల ఆగిపోవడం బాధాకరం. ఆ కాగితాన్ని సరిగ్గా రాయడం పెద్ద కష్టమేమీ కాదు కనుక ఇంకా బాధాకరం.

చదివేవాళ్లు ఇద్దరు

ఈ ఉత్తరాన్ని ఇద్దరు చదువుతారు. ఒకరు అక్కడి హోటల్ ఎగ్జిక్యూటివ్ షెఫ్. ఈ మనిషిని తన లైన్‌లో ఎక్కడ నిలబెట్టవచ్చో ఆయన తేల్చుకోవాలి. రెండో వ్యక్తి ఇమిగ్రేషన్ అధికారి. అతను వంట రుచి చూడడు, ఫోన్‌లో ఇంటర్వ్యూ చేయడు. తన ముందున్న నియమాల పట్టికకు ఈ ఉత్తరం సరిపోతోందా లేదా అన్నదే చూస్తాడు.

కెనడానే తీసుకుందాం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ద్వారా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసేవాళ్ల అనుభవపు ఉత్తరంలో ఏముండాలో అక్కడి ఇమిగ్రేషన్ శాఖ వివరంగా చెబుతుంది. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. చిరునామా, ఫోన్, ఈమెయిల్ ఉండాలి. ఆ సంస్థలో చేసిన ఉద్యోగాలన్నిటి పేర్లు, తేదీలు, ఒక్కో ఉద్యోగంలో బాధ్యతలు, వారానికి పని గంటలు, వార్షిక జీతం, ఇతర సదుపాయాలు రాయాలి. చివర నేరుగా పైన ఉన్న అధికారి గానీ, సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి గానీ పేరు, హోదాతో సంతకం చేయాలి.

గుణగణాల గురించి ఈ జాబితాలో ఒక్క మాట లేదు. అంటే మన జీఎంలు ఎక్కువ శ్రద్ధతో రాసే పేరానే ఆ శాఖ అడగలేదు, అడిగిన వాటిని మనవాళ్లు వదిలేస్తున్నారు.

విశాఖ నుంచి ఒక ఉదాహరణ

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. విశాఖపట్నంలో ఒక ఫోర్ స్టార్ హోటల్. అక్కడ ఇండియన్ సెక్షన్ చూసుకునే షెఫ్ కెనడాకు దరఖాస్తు పెడుతున్నాడు. 2018 జనవరిలో ట్రైనీగా వచ్చాడు. అదే ఏడాది జులైలో కమీ 1గా ఉద్యోగం ఖాయమైంది. 2019 అక్టోబరులో డెమీ షెఫ్ ద పార్టీ అయ్యాడు, కిచెన్ భాషలో డీసీడీపీ. 2022 ఏప్రిల్‌లో షెఫ్ ద పార్టీ, అంటే సీడీపీ. 2025 మార్చి ఆఖరున హోటల్ వదిలాడు.

అతన్ని అడిగితే ఏడేళ్లకు పైగా పనిచేశాను అంటాడు. అది నిజమే. ఉత్తరంలో మాత్రం ఆ కాలాన్ని ముక్కలుగా విడదీసి చెప్పాలి. స్టయిపెండ్ మీద చేసిన ట్రైనీ ఆరు నెలలు వేరుగా ఉండాలి. పీఎఫ్ పాస్‌బుక్‌లో చేరిన తేదీ 2018 జులై అని ఉండి, ఉత్తరంలో జనవరి అని ఉంటే తేడా వెంటనే కనిపిస్తుంది. కమీ, డీసీడీపీ, సీడీపీ మూడూ మూడు వరుసల్లో తేదీలతో రావాలి. చివరి హోదా ఒక్కటే రాసి, మొత్తం కాలాన్ని దానికే కట్టేస్తే మొదటి రోజు నుంచీ సీడీపీగానే చేశాడని అర్థమొస్తుంది. జీఎం ఆ ఉద్దేశంతో రాయకపోవచ్చు. చదివే అధికారికి అది అబద్ధంగానే కనిపిస్తుంది.

హోదా పేరు కన్నా చేసిన పని ముఖ్యం

కెనడాలో ఉద్యోగాలన్నిటికీ నేషనల్ ఆక్యుపేషనల్ క్లాసిఫికేషన్ అని ఒక జాతీయ వర్గీకరణ ఉంది. 2021 కూర్పులో షెఫ్‌లకు 62200, కుక్‌లకు 63200 కోడ్ ఇచ్చారు. ఎవరు దేని కింద వస్తారో తేల్చేది యూనిఫాం మీద ఉన్న పేరు కాదు, చేసిన పనులు. వంటతో పాటు కుక్‌లను పర్యవేక్షించడం, వాళ్లకు నేర్పడం, కొత్త రెసిపీలు తయారు చేయడం ప్రధానంగా ఉంటే షెఫ్ వైపు మొగ్గుతుంది. పూర్తి భోజనాలు లేదా విడి వంటకాలు తయారు చేయడం, సరుకు లెక్క చూడటం, బఫే ఏర్పాటు చేయడం ప్రధానంగా ఉంటే కుక్ అవుతుంది.

మన కిచెన్‌లలో కమీ నుంచి పైవాళ్లందరినీ షెఫ్ అనే పిలుస్తాం. అందుకే ఇక్కడ చాలామంది తడబడతారు. మన ఉదాహరణలోని మనిషి సీడీపీగా చేసిన మూడేళ్లను షెఫ్ పనిగా చూపడానికి ఆధారం ఉంది. కమీగా చేసిన కాలాన్ని అలా చూపడానికి లేదు. కుక్ కోడ్ కింద చూపితే తక్కువైపోతామన్న బెంగ కూడా అక్కర్లేదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ఈ రెండు కోడ్‌ల అనుభవాన్నీ నైపుణ్యమున్న పనిగానే లెక్కిస్తుంది. ఉన్నదాన్ని పెంచి రాయాల్సిన అవసరమే లేదు.

ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. ఏజెంటో, స్నేహితుడో ఆ వర్గీకరణలో ఉన్న వాక్యాలను యథాతథంగా దించి, జీఎం దగ్గరికి సంతకానికి పంపిస్తారు. ఆ వాక్యాలు అధికారికి కంఠతా వచ్చినవే. పక్క ఊరి హోటల్ నుంచి వచ్చిన ఉత్తరంలోనూ అవే ఉంటే అనుమానం మొదలవుతుంది. అదే పనిని ఆ హోటల్ కిచెన్‌లో జరిగిన తీరులో రాస్తే ఎవరూ దించలేని ఉత్తరం తయారవుతుంది.

అసలు ఉత్తరం ఇంగ్లీషులోనే ఉంటుంది. బాధ్యతల పేరాలో ఉండాల్సిన విషయం మాత్రం ఇలా ఉండాలి:

"2022 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఇండియన్ సెక్షన్ బాధ్యత ఈయనది. 84 సీట్ల మా రెస్టారెంటుకూ, బాంకెట్ హాలుకూ కావలసిన గ్రేవీలు, బిర్యానీలు, తందూరీ, కోస్తా వంటకాలు ఈ సెక్షన్ నుంచే వెళ్తాయి. ఈయన కింద ఇద్దరు డీసీడీపీలు, నలుగురు కమీలు పనిచేశారు. వాళ్ల డ్యూటీ చార్టు ఈయనే వేసేవారు. మెనూ మారినప్పుడల్లా తన సెక్షన్‌కు కొత్త వంటకాలు తయారు చేసి, రెసిపీ కార్డులు రాసి, పోర్షన్ ఖర్చు లెక్కకట్టి, కమీలకు చేసి చూపించేవారు. రోజూ స్టోర్స్‌కు ఇండెంట్ పెట్టడం, ఫ్రిజ్ ఉష్ణోగ్రతల రిజిస్టరు సరిచూసి సంతకం చేయడం ఈయన పనులు."

ఇందులో పొగడ్త లేదు. అయినా చదివినవాళ్ల కళ్ల ముందు ఒక సెక్షన్, దాన్ని నడిపే మనిషి కనిపిస్తారు. అధికారికి కావలసిన పర్యవేక్షణ, శిక్షణ, రెసిపీ తయారీ మూడూ ఉన్నాయి. ఎగ్జిక్యూటివ్ షెఫ్‌కు కావలసిన సీట్ల సంఖ్య, సిబ్బంది సంఖ్య, వంటకాల రకం కూడా ఉన్నాయి.

గంటలు, జీతం, కోవిడ్ నెలలు

హోటల్ వంటగదిలో రోజుకు పది పన్నెండు గంటలు నిలబడటం కొత్త కాదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఇంకా ఎక్కువే. అందుకని వారానికి 70 గంటలు అని రాయమని అడిగే షెఫ్‌లు ఉంటారు. దాని వల్ల ఒరిగేదేమీ లేదు. కెనడా లెక్కలో వారానికి 30 గంటలు చేస్తే ఫుల్‌టైమ్, ఏడాదికి 1,560 గంటలు. అంతకు మించి చేసిన గంటలు అదనపు అనుభవంగా కలవవు. నియామక పత్రంలో ఆరు రోజులు, రోజుకు 8 గంటలు అని ఉంటే 48 గంటలనే రాయాలి. హాజరు రికార్డుతోనూ అదే సరిపోతుంది.

జీతం దగ్గర హోటళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మన షెఫ్‌కు నెలకు 32,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 3,84,000. దానికి తోడు సర్వీస్ చార్జీలో వాటా వస్తుంటే అది నెలనెలా మారుతుంది. పీఎఫ్ కోత పోగా బ్యాంకులో పడే మొత్తం ఒక నెల 31 వేలు, ఇంకో నెల 36 వేలు అవుతుంది. ఉత్తరంలో 3,84,000 అని మాత్రమే ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటుతో ఏ నెలా కలవదు. స్థిర జీతం ఇంత, సర్వీస్ చార్జీ వాటా మారుతూ ఉంటుంది, డ్యూటీ భోజనం, యూనిఫాం హోటల్‌వే, పీఎఫ్ కడుతున్నాం అని విడివిడిగా రాస్తే ఆ తేడాకు కారణం ఉత్తరంలోనే దొరుకుతుంది.

ఇక 2020. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. హోటళ్లు, రెస్టారెంట్లు మళ్లీ తెరుచుకోవడానికి జూన్ 8 నుంచి అనుమతి వచ్చింది. అనుమతి వచ్చినంత మాత్రాన అందరినీ వెంటనే పనిలోకి పిలవలేదు. మన ఉదాహరణలోని షెఫ్ ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా జీతం లేని సెలవులో ఉన్నాడనుకుందాం. ఆ అయిదు నెలలు ఉత్తరంలో కనబడకపోతే బాగుంటుందని అతనికి అనిపించడం సహజం. కానీ జీతం చెల్లించిన పనినే అనుభవంగా లెక్కిస్తారు. ఆ నెలల్లో పే స్లిప్పులు ఉండవు, పీఎఫ్ జమ ఉండదు. దాచినా దాగదు. పైగా అతను ప్రధానంగా చూపుతున్నది 2022 ఏప్రిల్ తరవాతి మూడేళ్లను. ఆ కాలానికి ఈ విరామంతో సంబంధమే లేదు. నిజం చెప్పడం వల్ల అతను పోగొట్టుకునేది ఏమీ లేదు.

ఎవరు సంతకం పెట్టాలి

జీఎం సంతకం ఉంటే తిరుగులేదని చాలామంది నమ్మకం. హోటల్లో ఆయనే అందరికన్నా పెద్ద కనుక అలా అనిపిస్తుంది. కానీ నియమం అడుగుతున్నది నేరుగా పైన ఉన్న అధికారిని లేదా సిబ్బంది అధికారిని. సీడీపీకి నేరుగా పైన ఉండేది సూ షెఫ్ లేదా ఎగ్జిక్యూటివ్ షెఫ్. మూడు వందల మంది పనిచేసే హోటల్లో జీఎంకు ఒక కమీ వారానికి ఎన్ని గంటలు చేశాడో తెలిసే వీలు లేదు.

అందువల్ల రెండు కాగితాలు ఇవ్వడం మంచి పద్ధతి. మొదటిది వాస్తవాల ఉత్తరం. తేదీలు, హోదాలు, బాధ్యతలు, గంటలు, జీతం అందులో ఉంటాయి. బాధ్యతల భాగాన్ని ఎగ్జిక్యూటివ్ షెఫ్ రాయాలి, అంకెలను హెచ్‌ఆర్ సరిచూడాలి, హెచ్‌ఆర్ మేనేజర్ సంతకం పెట్టాలి. ఇది ఇమిగ్రేషన్ శాఖకు వెళ్తుంది. రెండోది జీఎం తన మాటగా రాసే సిఫారసు ఉత్తరం. ఇది ముఖ్యంగా అక్కడి హోటల్‌కు. చిన్న హోటల్లో, ఎగ్జిక్యూటివ్ షెఫ్ కూడా లేకుండా వంటగది మొత్తం జీఎం కిందే నడుస్తుంటే ఒకే ఉత్తరం చాలు. అప్పుడు ఈ షెఫ్ నేరుగా తనకే రిపోర్ట్ చేసేవాడని ఆయన ఒక వాక్యం రాయాలి.

ఈమెయిల్ విషయంలోనూ జాగ్రత్త పడాలి. సొంత జీమెయిల్ చిరునామా ఇస్తే అది హోటల్‌దో కాదో చదివేవాళ్లకు తెలియదు. హోటల్ డొమైన్‌తో ఉన్న చిరునామా, హెచ్‌ఆర్ విభాగం ల్యాండ్‌లైన్ నంబరు ఇవ్వాలి.

జీఎం తన మాటగా రాయాల్సింది

సిఫారసు ఉత్తరం రాసే ముందు జీఎం ఎగ్జిక్యూటివ్ షెఫ్‌ను అడగాల్సిన మంచి ప్రశ్న ఒకటుంది. ఇతను ఎలాంటివాడు అని అడిగితే, మంచివాడు సార్ అనే జవాబు వస్తుంది. ప్రశ్న మార్చి అడిగితే సంభాషణ ఇలా సాగవచ్చు:

"షెఫ్, ఇతను సెలవు పెట్టిన రోజు మీకు ఏం ఇబ్బంది అవుతుంది?"

"బిర్యానీ దగ్గర నేనే నిలబడాలి సార్. ఇండెంట్ కూడా పిల్లలు ఎక్కువ రాసేస్తారు. మర్నాడు చూస్తే పనీర్ సగం మిగిలిపోయి ఉంటుంది."

ఈ జవాబులో ఉత్తరానికి కావలసిన సరుకు ఉంది. దమ్ బిర్యానీని ఇంకొకరికి వదలకుండా చూసుకోగల చేయి అతనిది. రేపటికి ఎంత సరుకు కావాలో ముందే అంచనా వేయగలడు. కష్టజీవి అన్న మాటకు బదులు ఈ రెండు విషయాలు రాస్తే చదివే షెఫ్‌కు అతనేమిటో తెలుస్తుంది.

దీనికి తోడు జీఎం తన కళ్లతో చూసిన ఒక సంఘటన ఉండాలి. ఉదాహరణకు, ఒక పెళ్లి రిసెప్షన్‌కు 600 మందికి గ్యారంటీ ఇచ్చారు. వచ్చింది 780 మంది. హాల్లోకి జనం వస్తున్న తీరు చూసి ఈ షెఫ్ ఎనిమిదింపావుకే 20 కిలోల బియ్యం నానబెట్టించాడు. బిర్యానీ ఇంకో విడత దమ్ పెట్టే సమయం లేదు కనుక రెండు హాండీల వెజ్ పులావ్ చేయించాడు. ఉదయం పక్కన పెట్టిన గ్రేవీ బేస్‌తో ఇంకో కూర దింపాడు. బిర్యానీ అయిపోయేలోపే పులావ్ కౌంటర్ మీదికి వచ్చింది. ఆ రాత్రి జీఎంకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఒత్తిడిలో నిలకడగా ఉంటాడు అని పది రకాలుగా రాసినా ఈ సంఘటన చెప్పినంత చెప్పలేదు.

ఇక్కడ హద్దు కూడా తెలియాలి. ప్రతి నెలా ఫుడ్ కాస్ట్ రిపోర్టు జీఎం బల్ల మీదికి వస్తుంది. అది 34 శాతం నుంచి 31కి తగ్గిందనుకుందాం. ఆ ఘనత మొత్తం ఈ ఒక్క సీడీపీకి కట్టబెడితే వంటగది తెలిసినవాడెవరూ నమ్మడు. కొనుగోలు ధరలు, మెనూ రేట్లు, బాంకెట్ల సంఖ్య అన్నీ కలిస్తే వచ్చే అంకె అది. అతని సెక్షన్‌లో ఏ సరుకు వృథా తగ్గిందో చెప్పగలిగితే చెప్పాలి, లేకపోతే ఆ మాట ఎత్తకూడదు. అతని మతం, కుటుంబ పరిస్థితులు, ఆరోగ్యం, వదిలి వెళ్లడానికి కారణాల గురించిన ఊహాగానాలు అసలే వద్దు.

కాగితాలు కలవకపోతే

ఉత్తరం ఎప్పుడూ ఒంటరిగా వెళ్లదు. దాని పక్కన నియామక పత్రం, పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంటు ఉండొచ్చు. తేదీ గానీ హోదా గానీ వీటితో తేడా వస్తే అధికారి వివరణ అడుగుతూ లేఖ పంపవచ్చు. ఆ వివరణ నిలబడక, కావాలని తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడా చట్టం ప్రకారం అయిదేళ్ల పాటు ఆ దేశంలో ప్రవేశానికి అనర్హులవుతారు. జాలిపడి కమీని సూ షెఫ్‌గా రాసిచ్చిన జీఎం అతనికి చేసేది మేలు కాదు.

కొన్ని హోటల్ గ్రూపులు రెండు ముక్కల సర్టిఫికెట్‌కు మించి ఏదీ ఇవ్వబోమని నిబంధన పెట్టుకుంటాయి. అప్పుడూ దారి పూర్తిగా మూసుకుపోదు. పూర్తి ఉత్తరం ఎందుకు రాలేదో వివరిస్తూ దరఖాస్తుదారు ఒక లేఖ రాసి, ఇచ్చిన సర్టిఫికెట్, నియామక, ప్రమోషన్ పత్రాలు, పే స్లిప్పులు, తనతో పనిచేసిన సూ షెఫ్ అఫిడవిట్ జతచేయవచ్చు. ఉత్తరం ఇమ్మని అడిగిన ఈమెయిల్, దానికి హోటల్ ఇచ్చిన జవాబు కూడా దాచుకుని పెట్టాలి. వీటితో సంతృప్తి చెందాలా వద్దా అన్నది అధికారి ఇష్టం. పూర్తి ఉత్తరానికి ఉన్న బలం వీటికి ఉండదు.

ఎప్పుడు అడగాలి

నోటీసు పీరియడ్ మొదటి వారమే సరైన సమయం. ఆఖరి రోజు, క్లియరెన్స్ ఫారం పట్టుకుని తిరిగేటప్పుడు అడిగితే వచ్చేది ఆ రెండు ముక్కలే. షెఫ్ ఒక పేజీ నోట్ తయారు చేసుకుని ఎగ్జిక్యూటివ్ షెఫ్‌కు ఇవ్వాలి. ప్రమోషన్ తేదీలు, ప్రతి హోదాలో చేసిన పనులు, తన కింద పనిచేసినవాళ్ల సంఖ్య, తను మెనూలో చేర్చిన వంటకాలు అందులో ఉండాలి. ఉత్తరం మాత్రం హోటలే రాయాలి. సంతకం పెట్టేవాళ్లు ప్రతి వాక్యాన్నీ తమ రికార్డుతో పోల్చి చూసుకోవాలి.

హోటల్ చేయాల్సిన ఆఖరి పని ఇంకొకటి ఉంది. దరఖాస్తు తేలడానికి నెలలు పడుతుంది. ఈలోగా జీఎంకు బదిలీ అవుతుంది, ఎగ్జిక్యూటివ్ షెఫ్ వేరే హోటల్‌కు వెళ్తాడు. అక్కడి నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఎత్తినవాళ్లకు ఈ షెఫ్ పేరు కూడా తెలియకపోవచ్చు. ఉత్తరం నకలు అతని సర్వీస్ ఫైలులో ఉండి, దానికి ఆధారమైన డ్యూటీ చార్టు, ప్రమోషన్ పత్రాలు కూడా అక్కడే ఉంటే కొత్తగా వచ్చిన హెచ్‌ఆర్ ఉద్యోగి అయినా ఫైలు తీసి, అవును, ఇది మేమిచ్చిన ఉత్తరమే అని చెప్పగలడు.